ఎవరు ఎవరి కింద: ఒక పేరాను మెట్ల జాబితాగా మార్చే పని

(తిరుపతిలో ఆఫీసు సిబ్బందికి ఏర్పాటైన శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో సిబ్బంది విభాగం పని చూస్తూ జుట్టు నెరిసినవాణ్ణి నేను. ఈ రోజు నేను మాట్లాడబోయేది చాలా చిన్న పని గురించి. ఒక సంస్థలో ఎవరు ఎవరి కింద పనిచేస్తారో ఆ సంస్థలోని ఒక పెద్దమనిషి ఒకే పేరాలో, గుర్తొచ్చిన వరుసలో రాసి మీకు పంపుతారు. దాన్ని మీరు పై అధికారి పైన, కింది ఉద్యోగి కొంచెం లోపలికి జరిగి ఉండేలా, ఒక్కొక్కరి హోదా, టీము తెలిసేలా జాబితాగా మార్చాలి. చూడడానికి ఇది టైపింగు పనిలా కనిపిస్తుంది. అసలు కష్టం టైపింగులో లేదు, చదవడంలో ఉంది.

ముందుగా లోపలికి జరపడం అంటే ఏమిటో ఒప్పందానికి వద్దాం. ఒక పేరు మరొక పేరు కింద నాలుగు ఖాళీలు లోపలికి జరిగి ఉందంటే దాని అర్థం ఒక్కటే: ఈ మనిషి ఆ మనిషికి జవాబుదారీ. వయసు, జీతం, సర్వీసు, గౌరవం, ఏ గదిలో కూర్చుంటారన్నది, వీటిలో ఏదీ ఆ నాలుగు ఖాళీలలోకి రాకూడదు. ఒకచోట నేను ఇలాంటి జాబితాను గోడకు అంటించినప్పుడు, ముప్పై ఏళ్ల సర్వీసున్న ఒక స్టోర్ కీపరు గారు వచ్చి, "నన్నేమయ్యా అంత లోపలికి తోసేసినావు, నిన్న చేరిన పిల్లోడు నాకన్నా బయట ఉన్నాడే" అని అడిగారు. ఆ నిన్న చేరిన అబ్బాయి నేరుగా జీఎం గారికి రిపోర్ట్ చేసే ఆఫీసు సహాయకుడు, ఈయన మరో అధికారి కింద ఉన్నవారు. ఆయన బాధ నాకు అర్థమైంది, కానీ ఆ బాధను తీర్చడానికి జాబితాను మారిస్తే అది జాబితా కాదు, పెళ్లిపత్రిక మీద పెద్దల వరుస అవుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1855లో అమెరికాలో న్యూయార్క్ అండ్ ఈరీ రైల్వే సూపరింటెండెంటు డేనియల్ మెకల్లం తన రైల్వేలో ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో ఒక చెట్టు బొమ్మగా గీయించాడు. అందులో డైరెక్టర్లు, అధ్యక్షుడు వేరు దగ్గర, అంటే కాగితం అడుగున ఉంటారు, కొమ్మలు పైకి పోతాయి. మనం రాసే జాబితా కూడా ఆ చెట్టే, కాకపోతే పక్కకు వాల్చి వేరును ఎడమవైపు పైన పెట్టాం.

ఇప్పుడు ఉదాహరణకు వద్దాం. ఈ పేరాను నేను పాఠం కోసం అల్లాను. పేర్లు కల్పితం. ఫ్యాక్టరీ మాత్రం మన చిత్తూరు వైపు అందరికీ తెలిసిన తరహా, తోతాపురి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ అనుకోండి. ఇందులోని చిక్కులన్నీ నిజంగా నా చేతికి వచ్చిన కాగితాలలో చూసినవే. నెమ్మదిగా చదువుతాను.

"మా ఫ్యాక్టరీ మొత్తానికి జనరల్ మేనేజరు రాఘవ గారు. ఆయన తర్వాత ప్రొడక్షన్ మేనేజరు సుధాకర్ గారు, ఆయన కింద షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లు ఇద్దరు, పగలు మునిరత్నం, రాత్రి బాబు. క్వాలిటీ ల్యాబు లక్ష్మి మేడం చూస్తారు, వారు నేరుగా రాఘవ గారికే, కానీ రోజువారీ పని సుధాకర్ గారు చెప్పినట్టే. ల్యాబులో ముగ్గురు కెమిస్టులున్నారు, రాత్రి కెమిస్టు మాత్రం బాబు మాట వింటాడు. మెయింటెనెన్స్ ఇంజనీరు పోస్టు ఖాళీ, దాని కింద ఫిట్టర్లు నలుగురు, ప్రస్తుతానికి సుధాకర్ గారే చూసుకుంటున్నారు. కొనుగోళ్లు, స్టోరు శ్రీనివాసులు గారు, రాఘవ గారి కిందే, ఆయనకు సహాయంగా గిరిజ ఉంది, మండీల దగ్గర కాయ కొనే ఇద్దరూ శ్రీనివాసులు మనుషులే. అకౌంట్స్ రెడ్డెప్ప గారు, అందరికన్నా సీనియర్. జీతాల పని చేసే కవిత ఆయన దగ్గరే కూర్చుంటుంది గానీ హెచ్ఆర్ మనిషి. హెచ్ఆర్ ఆఫీసరు అనిత, జీఎం గారికే. సీజన్‌లో వచ్చే కూలీలు కాంట్రాక్టరు మనుషులు."

ఇది చదవగానే చాలామంది నేరుగా జాబితా టైపు చేయడం మొదలుపెడతారు. రాఘవ అని రాసి, కింద సుధాకర్ అని రాసి, లోపలికి జరిపి ముందుకు పోతారు. నా సలహా అలా చేయవద్దని. ముందు ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఎడమ గడిలో కింది ఉద్యోగి, కుడి గడిలో పై అధికారి. ఒక్కో వాక్యం నుంచి ఒక్కో జత తీసి అందులో వేయండి. జాబితాలో మీరు ఒకరిని లోపలికి జరిపేటప్పుడు ఆ నిర్ణయం ఏ వాక్యం ఆధారంగా తీసుకున్నారో కంటికి కనబడదు, జతల పట్టికలో కనబడుతుంది.

ఈ జతలు తీసేటప్పుడు మన భాషే మనల్ని కొన్నిచోట్ల తికమక పెడుతుంది. ఆ చోట్ల దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే నేను చూసిన తప్పులలో ఎక్కువ అక్కడే పుట్టాయి.

మొదటిది "తర్వాత" అనే మాట. "ఆయన తర్వాత సుధాకర్ గారు" అంటే రెండో స్థానం ఆయనదని అర్థం. అది హోదా వరుస, జవాబుదారీ వరుస కాదు. ఈ మాటను పట్టుకుని కొందరు ఫ్యాక్టరీ మొత్తాన్ని సుధాకర్ కింద పెట్టేస్తారు, రాఘవ గారి కింద ఆయనొక్కరే మిగులుతారు. కానీ అదే పేరాలో లక్ష్మి మేడం, శ్రీనివాసులు, అనిత నేరుగా జీఎంకే చెబుతారని ఉంది కనుక ఆ చదువు నిలవదు. సుధాకర్ రాఘవ కింద ఉన్నారని మాత్రం ధైర్యంగా తీసుకోవచ్చు. అలాగే "దగ్గర" అనే మాట. "ఫలానా ఆయన దగ్గర పనిచేస్తున్నాను" అంటే మన వాడుకలో ఆయన కింద అనే అర్థం, "ఆయన దగ్గర కూర్చుంటుంది" అంటే బల్ల అక్కడ ఉందని మాత్రమే. కవిత విషయంలో పేరా రాసినవారు "గానీ" అని విడదీసి మంచి పని చేశారు. అంత స్పష్టంగా ఎప్పుడూ ఉండదు.

రెండోది గౌరవ బహువచనం. "ల్యాబు లక్ష్మి మేడం చూస్తారు, వారు నేరుగా రాఘవ గారికే" అన్న చోట "వారు" అంటే ఎవరు? లక్ష్మి మేడం ఒక్కరే అయి, గౌరవంగా "వారు" అన్నారా, లేక ల్యాబువాళ్లందరూ నేరుగా జీఎంకు చెబుతారనా? మొదటిది అయితే కెమిస్టులు ఆమె కింద ఒక మెట్టు లోపలికి పోతారు, రెండోది అయితే ఆమెతో సమానంగా నిలబడతారు. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. ముందున్న "చూస్తారు" అన్న మాటను బట్టి మొదటి అర్థమే సరైనదని నాకు అనిపిస్తుంది, అయినా పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంటాను.

మూడోది "ఆయన". "శ్రీనివాసులు గారు, రాఘవ గారి కిందే, ఆయనకు సహాయంగా గిరిజ ఉంది." ఈ "ఆయన" కు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పేరు రాఘవ. విషయాన్ని బట్టి చూస్తే వాక్యం శ్రీనివాసులు గురించి. అంటే గిరిజ స్టోరు మనిషా, జీఎం గారి ఆఫీసు మనిషా అన్నది ఒక్క సర్వనామం మీద వేలాడుతోంది. తెలుగులో "తన" అనే మాట మనకు ఇక్కడ పనికొస్తుంది. "శ్రీనివాసులు తన సహాయకురాలిని పంపారు" అంటే శ్రీనివాసులు సహాయకురాలే, "శ్రీనివాసులు ఆయన సహాయకురాలిని పంపారు" అంటే మామూలుగా మరెవరో పెద్దమనిషి సహాయకురాలు. పేరా రాసేవారు "తన" ను వాడి ఉంటే ఈ సందేహం తగ్గేది. వాళ్లు వాడరు, రాసేటప్పుడు వాళ్ల కళ్ల ముందు మనుషులు ఉంటారు కనుక వాళ్లకు సందేహమే రాదు. గిరిజ పక్కన కూడా ప్రశ్నార్థకం.

ఇక "చూస్తారు", "చూసుకుంటున్నారు" అనే క్రియలు. "ల్యాబు చూస్తారు" అంటే ల్యాబుకు అధిపతి. "ప్రస్తుతానికి సుధాకర్ గారే చూసుకుంటున్నారు" అంటే కుర్చీ ఖాళీగా ఉంది కనుక తాత్కాలికంగా భారం మోస్తున్నారని. "ప్రస్తుతానికి", "ఇప్పటికైతే", "ఆయన వచ్చేదాకా" లాంటి మాట కనిపించిన వాక్యాన్ని నేను జతల పట్టికలో వేయను, వేరే చీటీ మీద రాసుకుంటాను. ఎందుకో నా సొంత అనుభవంతో చెబుతాను, అది నాకు బాగా ఖరీదైన పాఠం.

చాలా ఏళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో ఇలాంటి పేరాయే నా చేతికి వచ్చింది. మెయింటెనెన్స్ ఇంజనీరు పోస్టు అప్పుడు ఖాళీ. ఖాళీ కుర్చీకి జాబితాలో చోటెందుకులే అని నేను ఆ పోస్టును తీసేసి, ఫిట్టర్లను నేరుగా ప్రొడక్షన్ మేనేజరు కింద పెట్టాను. జాబితా చూడడానికి పొందికగా ఉంది, అందరూ సరే అన్నారు. సెలవు దరఖాస్తులు ఎవరికి వెళ్లాలో ఆ జాబితాను బట్టే ఏర్పాటు చేశారు. రెండు నెలల తర్వాత కొత్త ఇంజనీరు చేరాడు. ఆయన నియామక పత్రంలో జీఎంకు రిపోర్ట్ చేయాలని ఉంది. నా జాబితాలో ఆయనకు చోటు లేదు, ఆయన ఫిట్టర్ల సెలవులు ఇంకా ప్రొడక్షన్ మేనేజరు సంతకంతోనే నడుస్తున్నాయి. ఒక రోజు బాయిలరు పనికి కావలసిన ఇద్దరు ఫిట్టర్లూ సెలవులో ఉన్నారని ఆ ఇంజనీరుకు గేటు దగ్గర తెలిసింది. ఆ ఉదయం నాకు పడిన అక్షింతలు మీకు వినిపించవలసిన అవసరం లేదు.

అందులో నేను చేసిన తప్పులు రెండు, ఒకటి కాదు. ఖాళీ పోస్టును తీసేయడం మొదటిది. జాబితాలో ఉండేవి కుర్చీలు, వాటిలో కూర్చున్న మనుషుల పేర్లు కుర్చీకి అంటించిన చీటీలు మాత్రమే. మనిషి లేకపోతే చీటీ మీద "ఖాళీ" అని రాస్తాం, కుర్చీని బయట పారేయం. రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది. తాత్కాలికంగా భారం మోస్తున్న మనిషే ఆ పోస్టుకు పై అధికారి అని నేను అనుకున్నాను. అవి రెండూ ఒకటే కానక్కరలేదు. మన ఉదాహరణలోనూ సుధాకర్ ఫిట్టర్లను చూసుకుంటున్నారని మాత్రమే ఉంది, ఇంజనీరు పోస్టు ఎవరి కింద ఉంటుందో పేరాలో ఎక్కడా లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పోస్టులు ఎన్నో లెక్కపెట్టండి. రాఘవ, సుధాకర్, ఇద్దరు షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లు కలిపి నాలుగు. లక్ష్మి, ముగ్గురు కెమిస్టులతో ఎనిమిది. ఖాళీగా ఉన్న ఇంజనీరు పోస్టు, నలుగురు ఫిట్టర్లతో పదమూడు. శ్రీనివాసులు, గిరిజ, కాయ కొనే ఇద్దరితో పదిహేడు. రెడ్డెప్ప, అనిత, కవితతో ఇరవై. కూలీలు కాంట్రాక్టరు మనుషులు, ఈ సంస్థ పోస్టులు కావు, వాళ్లను లెక్కలో కలపలేదు. అందరికన్నా పై మనిషి ఒక్కరు తప్ప మిగిలిన ప్రతి ఒక్కరికీ ఒక పై అధికారి ఉండాలి కనుక ఇరవై పోస్టులకు పంతొమ్మిది జతలు రావాలి. ఒక మనిషికి ఒకే అధికారి ఆజ్ఞ ఇవ్వాలన్న సూత్రాన్ని ఫ్రెంచి గనుల ఇంజనీరు హెన్రీ ఫెయోల్ 1916లో ప్రచురించిన నిర్వహణ సూత్రాలలో చేర్చాడు. మన లెక్కకు ఆధారం అదే.

పేరా నుంచి వచ్చిన జతలను లెక్కపెడితే సరిగ్గా పంతొమ్మిది వస్తాయి. ఇక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుని టైపింగు మొదలుపెడతారు. కానీ ఆ పంతొమ్మిదిని ఎడమ గడి నుంచి ఒక్కో పేరూ చూసుకుంటూ రండి. లక్ష్మి ఎడమ గడిలో రెండుసార్లు ఉంది, ఒకసారి రాఘవ ఎదురుగా, ఒకసారి సుధాకర్ ఎదురుగా. రాత్రి కెమిస్టు రెండుసార్లు ఉన్నాడు, లక్ష్మి ఎదురుగా, బాబు ఎదురుగా. మరోవైపు రెడ్డెప్ప గారు ఒక్కసారి కూడా లేరు, ఇంజనీరు పోస్టు ఒక్కసారి కూడా లేదు. రెండు ఎక్కువ, రెండు తక్కువ, మొత్తం మాత్రం సరిపోయింది. కాబట్టి మొత్తాన్ని నమ్మవద్దు. పై మనిషి తప్ప ప్రతి పేరూ ఎడమ గడిలో సరిగ్గా ఒక్కసారే ఉందా అని వేలు పెట్టి చూడాలి. ఆ తర్వాత ఇంకో చిన్న పరీక్ష ఉంది: ఏ పేరు నుంచి మొదలుపెట్టినా అధికారి, ఆయన అధికారి, ఆపై అధికారి అనుకుంటూ పైకి ఎక్కితే చివరికి పై మనిషి దగ్గరకే చేరాలి. ఇద్దరు మనుషులు ఒకరి కింద ఒకరని రెండు వేర్వేరు వాక్యాలలో పడితే ఎడమ గడి లెక్క సరిపోతుంది, కానీ ఎక్కుతూ పోతే గానుగెద్దులాగా అక్కడక్కడే తిరుగుతాం.

రెడ్డెప్ప గారి సంగతి గమనించండి. పేరాలో ఆయన గురించి ఒక వాక్యం ఉంది, గౌరవంగా ఉంది, కానీ అందులో జవాబుదారీ లేదు. "అందరికన్నా సీనియర్" అన్న మాట మన కళ్లను కప్పేస్తుంది. చాలామంది ఆయనను మారు ఆలోచన లేకుండా జీఎం కింద వేసేస్తారు, ఎందుకంటే ఇంకెక్కడ వేస్తారు? పేరా చెప్పని చోట మన ఊహను పేరా మాటలాగా రాయడం ఈ పనిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. జాబితా చేతికి వచ్చిన మనిషికి ఏది పేరాలో ఉన్నదో, ఏది మీరు ఊహించినదో తెలిసే దారి ఉండదు.

ఇద్దరు అధికారులున్న చోట ఏం చేయాలి? అడగవలసిన ప్రశ్న "మీ బాస్ ఎవరు" అని కాదు. ఆ ప్రశ్నకు మర్యాద కోసం ఇద్దరి పేర్లూ చెబుతారు. "మీ సెలవు ఎవరు మంజూరు చేస్తారు, ఏడాది చివర మీ పనితీరు రిపోర్టు ఎవరు రాస్తారు" అని అడగండి. ఆ సంతకం ఎవరిదో ఆయన కిందే ఆ పేరు లోపలికి జరగాలి. రెండో అధికారి పేరు జాబితా అడుగున గమనికగా పోతుంది. గీసే పటాలలో దాన్ని చుక్కల గీతగా గీస్తారు, మెట్ల జాబితాలో గీతలు ఉండవు కనుక నక్షత్రం గుర్తు చాలు. ఒకే పేరును రెండుచోట్ల రాయడం మాత్రం వద్దు. ఎవరైనా ఆ జాబితాను చూసి పోస్టులు లెక్కపెట్టినప్పుడు ఇరవై పోస్టులు ఇరవై రెండవుతాయి.

గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబు విషయానికి ఇది ఊరికే పద్ధతి కోసం కాదు. గుజ్జులో తీపి ఎంతుందో బ్రిక్స్ చూసి, పులుపు చూసి, ఒక బ్యాచిని ఆపమని చెప్పే అధికారం ల్యాబుది. సీజన్‌లో లారీలు గేటు బయట బారులు తీరి ఉంటాయి, ప్రొడక్షన్‌కు బ్యాచి ఆగడం ఇష్టం ఉండదు. రాత్రి రెండు గంటలకు బ్యాచి ఆపవలసిన కెమిస్టుకు సెలవు ఇచ్చేది, రిపోర్టు రాసేది కూడా రాత్రి షిఫ్ట్ ఇన్‌చార్జే అయితే ఆ బ్యాచి ఆగుతుందా? కాబట్టి జాబితాలో కెమిస్టు ఎవరి కింద ఉన్నాడన్నది చూసే ఆడిటరు ఆ వరుసను ఊరికే చదవడు.

ఇప్పుడు చేతిలో ప్రశ్నల చీటీ ఉంది. పేరా రాసినవారికి ఒక ఫోను చేయాలి, ఒక్కటే, అన్ని ప్రశ్నలూ ఒకేసారి. మన ఉదాహరణలో జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. "వారు" అంటే లక్ష్మి మేడం ఒక్కరే, ఆమె రిపోర్టు రాసేది జీఎం, సుధాకర్‌తో రోజూ మాట్లాడుకుంటారంతే. రాత్రి కెమిస్టు సెలవు లక్ష్మి మేడమే ఇస్తారు. గిరిజ స్టోరు మనిషి. ఇంజనీరు పోస్టు నింపితే జీఎం కింద ఉంటుంది. రెడ్డెప్ప గారు ఈ ఫ్యాక్టరీలో ఎవరికీ కాదు, హెడ్ ఆఫీసు అకౌంట్స్‌కు జవాబు చెబుతారు. చూశారా, మనం ఊహించి జీఎం కింద వేసి ఉంటే తప్పయ్యేది. ఇప్పుడు రాఘవ గారి పై అధికారి, రెడ్డెప్ప గారి పై అధికారి ఇద్దరూ ఈ కాగితం బయట ఉన్నారు, కనుక లోపల ఉండవలసిన జతలు పద్దెనిమిదే.

హోదాల గురించీ అదే ఫోనులో అడగాలి. పేరాలో కొందరికి హోదా ఉంది, కొందరికి టీము మాత్రమే ఉంది. "కొనుగోళ్లు, స్టోరు శ్రీనివాసులు గారు" అన్నదాంట్లో కొనుగోళ్లు, స్టోరు అనేవి టీములు, హోదా లేదు. దాన్ని చూసి "పర్చేజ్ మేనేజరు" అని మనం బిరుదు ఇచ్చేస్తే, ఆఫీసరు గ్రేడులో ఉన్న ఆయన రేపు ఆ కాగితం పట్టుకుని మేనేజరు జీతం అడిగినా అడుగుతారు. నవ్వకండి, అడిగినవాళ్లను చూశాను. హోదా తెలియని చోట "హోదా అడగాలి" అని రాసి పెట్టడం సిగ్గుపడవలసిన సంగతి కాదు.

అప్పుడు జాబితా ఇలా వస్తుంది. హోదా, పేరు, చతురస్ర బ్రాకెట్లలో టీము. "గారు" ఎవరికీ వేయలేదు, కొందరికి వేసి కొందరికి మానడం కన్నా అందరికీ మానడమే మర్యాద.

```
జనరల్ మేనేజరు – రాఘవ
    ప్రొడక్షన్ మేనేజరు – సుధాకర్ [ప్రొడక్షన్]
        షిఫ్ట్ ఇన్‌చార్జ్ – మునిరత్నం [పగటి షిఫ్టు]
        షిఫ్ట్ ఇన్‌చార్జ్ – బాబు [రాత్రి షిఫ్టు]
    క్వాలిటీ మేనేజరు – లక్ష్మి [ల్యాబు]
        కెమిస్టు – ఇద్దరు [ల్యాబు, పగలు]
        కెమిస్టు – ఒకరు [ల్యాబు, రాత్రి] *1
    మెయింటెనెన్స్ ఇంజనీరు – ఖాళీ [మెయింటెనెన్స్] *2
        ఫిట్టరు – నలుగురు [మెయింటెనెన్స్]
    పర్చేజ్ ఆఫీసరు – శ్రీనివాసులు [కొనుగోళ్లు, స్టోరు]
        స్టోర్ అసిస్టెంటు – గిరిజ [స్టోరు]
        కాయ కొనేవారు – ఇద్దరు [కొనుగోళ్లు]
    హెచ్ఆర్ ఆఫీసరు – అనిత [హెచ్ఆర్]
        జీతాల క్లర్కు – కవిత [హెచ్ఆర్]
అకౌంటెంటు – రెడ్డెప్ప [అకౌంట్స్] *3

*1 రాత్రి షిఫ్టులో పని సూచనలు: బాబు
*2 పోస్టు నిండేవరకు బాధ్యత: సుధాకర్
*3 పై అధికారి హెడ్ ఆఫీసులో
```

రెడ్డెప్ప గారు రాఘవ గారితో సమానమైన అంచున నిలబడ్డారు. అది ఆయన సీనియారిటీకి ఇచ్చిన బహుమతి కాదు, ఆయన అధికారి ఈ కాగితంలో లేకపోవడం వల్ల. మూడో గమనిక లేకపోతే చూసినవారు ఫ్యాక్టరీకి ఇద్దరు పెద్దలనుకుంటారు. ఇక ఒకే మెట్టు మీద ఉన్నవారి వరుసకు అర్థం లేదని కాగితం మీదే ఒక వాక్యం రాసి పెట్టడం నా అలవాటు. లేకపోతే అనిత పేరు శ్రీనివాసులు తర్వాత ఎందుకు వచ్చిందని ఎవరో ఒకరు అడుగుతారు.

ఖాళీల గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక్కో మెట్టుకు నాలుగు స్పేసులు, మొదటి నుంచి చివరి దాకా అవే. కొన్ని వరుసలకు ట్యాబు, కొన్నిటికి స్పేసులు కలిపి వాడితే మీ కంప్యూటర్‌లో సరిగ్గా కనిపించేది, ట్యాబు వెడల్పు వేరుగా ఉన్న మరొక కంప్యూటర్‌లో మెట్లు తప్పుతుంది. ఎక్సెల్‌లో గడిని లోపలికి జరిపే బొత్తాం ఉంది, అది కంటికి అందం మాత్రమే, గడిలోని మాటలో భాగం కాదు. అదే ఫైలును సీఎస్‌విగా, అంటే గడుల్లోని మాటలు మాత్రమే ఉండే ఫైలుగా దాచి తిరిగి తెరిస్తే ఇరవై పోస్టులూ ఒకే అంచుకు వచ్చి నిలబడతాయి, ఎవరు ఎవరి కింద అన్నది మాయమవుతుంది. అందుకే మనం మొదట గీసిన రెండు గళ్ల పట్టికను పారేయకండి. అసలు దస్తావేజు అదే, మెట్ల జాబితా దాని నుంచి దించిన నకలు.

ఆ పట్టికకు ఇంకో ఉపయోగం ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కొత్తగా ఏర్పడింది. అప్పటిదాకా శ్రీకాళహస్తి తహసీల్దారు చిత్తూరు కలెక్టరు పరిధిలో ఉన్నారు, ఆ రోజు నుంచి తిరుపతి కలెక్టరు పరిధిలోకి వచ్చారు. తహసీల్దారు హోదా మారలేదు, ఆయన ఆఫీసు మారలేదు, ఆయన కింద ఉన్న సిబ్బంది ఎవరి కింద ఉన్నారో అదీ మారలేదు. పైన ఒక్కచోట కొమ్మ తెగి ఇంకో మాను మీద అంటుకుంది, దాని రెమ్మలు దానితోపాటే వచ్చాయి. పట్టికలో అయితే పైన ఒక జత మారిస్తే సరిపోతుంది. జాబితాను చేత్తో సరిదిద్దుతూ కూర్చునేవారు మాత్రం ఆ కొమ్మ కింది వరుసలన్నీ కదిలించాలి, ఎక్కడో ఒక వరుసను తప్పక మరిచిపోతారు.

ఇక్కడ వెనక వరుసలో ఒక చెల్లెమ్మ చెయ్యెత్తుతున్నారు, అడగమ్మా.

(సభలో నుంచి ప్రశ్న: సార్, మా ఆఫీసులో సెలవు కాగితం మీద ఇద్దరు అధికారులూ సంతకం పెడతారు. అప్పుడు ఎవరి కింద రాయాలి?)

మంచి ప్రశ్న అడిగారు. ఇద్దరి సంతకాలూ ఉన్నప్పుడు, ఒకరు వద్దని ఇంకొకరు సరేనంటే ఏం జరిగిందో అడగండి. ఎప్పుడో ఒకసారి అది జరిగే ఉంటుంది. ఆ రోజు ఎవరి మాట నెగ్గిందో ఆయన కింద రాసి, రెండో ఆయన పేరు గమనికలో వేయండి. అలా ఎప్పుడూ జరగలేదని ఇద్దరూ అంటే, వాళ్లిద్దరి పై అధికారి దగ్గరకు ఆ ఒక్క ప్రశ్న తీసుకెళ్లి, జవాబు కాగితం మీద రాయించుకుని, ఆ తేదీని మీ జాబితా అడుగున వేసుకోండి.